‘వాట్ యు వాంట్’ దిద్దబోతే ‘డిడ్ యు వెంట్’ వచ్చింది: డు, డజ్, డిడ్ ప్రశ్నలు ఎలా నేర్పాలి?

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళంలో బట్టల కొట్టు. పొందూరు ఖాదీ చీరలు, పంచెలు, చొక్కా గుడ్డ అమ్ముతాం. అరసవల్లి దర్శనానికి వచ్చిన బయటి రాష్ట్రాల వారు తిరుగు ప్రయాణంలో మా దగ్గర ఆగుతుంటారు. ఒడిశా, బెంగాల్ వారితో మాట్లాడాలంటే మాకు ఇంగ్లీషే ఆధారం.

కొట్టులో ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. డిగ్రీ చదివిన పిల్లలు, మాట్లాడటానికి భయం లేదు. అయితే మొదట్లో ఇద్దరూ ‘వాట్ యు వాంట్ సర్?’, ‘వేర్ యు గో నెక్స్ట్?’ అని అడిగేవారు. ‘ప్రశ్న అడిగేటప్పుడు డు గానీ డిడ్ గానీ చేర్చాలమ్మా’ అని చెప్పాను. చెప్పిన మాట విన్నారు. ఇప్పుడు ఇలా అడుగుతున్నారు:

‘డిడ్ యు వెంట్ టు అరసవల్లి?’
‘డజ్ మేడమ్ లైక్స్ దిస్ బార్డర్?’
‘హూ డిడ్ టోల్డ్ యు అబౌట్ అవర్ షాప్?’

ఇవి తప్పని నాకు తెలుసు. ‘డిడ్ యు గో’ అనాలని చెప్పాను కూడా. అప్పుడు పెద్దమ్మాయి ఒక మాట అడిగింది. ‘డిడ్ కూడా గతమే, వెంట్ కూడా గతమే కదా అక్కా, రెండూ కలిస్తే తప్పేముంది? నేను అడిగేది జరిగిపోయిన విషయమే కదా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అలా అనకూడదు అనడం తప్ప ఎందుకు అనకూడదో చెప్పలేకపోయాను. ఆ అమ్మాయికి నచ్చేలా ఎవరైనా కారణం చెప్పగలరా?

రాజాం_స్పోకెన్

ఇందులో కారణం వెతకాల్సినది ఏమీ లేదండి. డు, డజ్, డిడ్ తర్వాత ఎప్పుడూ వి వన్. వెంట్ వి టు, గో వి వన్. కాబట్టి డిడ్ యు గో. అలాగే లైక్స్ కాదు, లైక్. మా బ్యాచుల్లో ఈ సూత్రం గోడ మీద రాసి పెడతాం. రోజూ పది ప్రశ్నలు పైకి చదివిస్తే నాలుకకు అలవాటైపోతుంది.

మీ మూడో వాక్యంలో కూడా అదే తప్పు. ‘హూ డిడ్ టోల్డ్ యు’ కాదు, ‘హూ డిడ్ టెల్ యు’ అనాలి. ఈజ్, ఆర్, కెన్, విల్ లాంటివి లేని ప్రతి ప్రశ్నలోనూ ఈ మూడింటిలో ఒకటి తప్పనిసరి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

పలాస_జీడిబద్ద

నా అభిప్రాయం వేరు. కొట్టుకు వచ్చిన మనిషిని ‘వాట్ యు వాంట్’ అని అడగడమే మర్యాద కాదు. ‘నీకేం కావాలి’ అన్నట్టు వినిపిస్తుంది. మా జీడిపప్పు కొనడానికి వచ్చే పెద్ద వ్యాపారులతో నేను ‘హౌ కెన్ ఐ హెల్ప్ యు’ అంటాను. వ్యాకరణం సంగతి తర్వాత, ముందు మర్యాద నేర్పించండి.

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

పలాస వారికి ధన్యవాదాలు. మర్యాద మాట నిజమే, ఆ వాక్యం వాళ్లకు నేర్పుతాను. కానీ నేను అడిగింది అది కాదండి. సరుకు చూపిస్తూ మాట్లాడేటప్పుడు ఎన్ని మీటర్లు కావాలి, ఏ రంగు నచ్చింది, గుడికి వెళ్లారా, ఎలా వచ్చారు, ఇలా ఎన్నో అడగాల్సి వస్తుంది. వాటన్నిటికీ ఒకే వాక్యం సరిపోదు.

రాజాం వారూ, ఆ సూత్రం అమ్మాయిలకు తెలుసు. పరీక్షలో ఖాళీ పూరించమంటే సరిగ్గా రాస్తారు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మాత్రం వెంట్ అనే వస్తోంది. అందుకే కారణం అడుగుతున్నాను.

మూడులాంతర్ల_మాష్టారు

నేను విజయనగరం వాడిని. ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. అమ్మా, మీ కొట్టులో అమ్మాయి వేసిన ప్రశ్న నన్ను చాలా సంతోషపెట్టింది. తరగతిలో పిల్లలు ఈ ప్రశ్న అడగరు, మనం చెప్పింది రాసుకుంటారు. జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు తెలుగులో మనం ఎలా అడుగుతామో చూద్దాం. ‘మీరు గుడికి వెళ్లారు’ అన్నది మామూలు వాక్యం. ప్రశ్నగా మార్చాలంటే చివర ‘ఆ’ చేరుస్తాం: ‘వెళ్లారా?’ గతం అనే సంగతి ‘వెళ్లారు’లో అలాగే ఉండిపోతుంది, ‘ఆ’ దాన్ని కదిలించదు. ‘ఆ’కు కాలంతో పని లేదు, అది ఒట్టి ప్రశ్న గుర్తు.

మీ అమ్మాయి మనసులో డిడ్ ఈ ‘ఆ’ స్థానంలో కూర్చుంది. ‘వెళ్లారు’కు బదులు వెంట్, ‘ఆ’కు బదులు డిడ్. తెలుగు లెక్క ప్రకారం ఆ అమ్మాయి వాక్యంలో పొరపాటు లేదు. పొరపాటల్లా డిడ్‌ను ప్రశ్న గుర్తు అనుకోవడంలో ఉంది.

డిడ్ ప్రశ్న గుర్తు కాదు. అది గతం. వెంట్ లోపల ఉన్న గతమే బయటికి వచ్చి డిడ్ అయింది. బయటికి వచ్చేశాక లోపల మిగిలేది గో మాత్రమే. ‘డిడ్ యు వెంట్’లో ఒకే గతాన్ని రెండుసార్లు చెప్పినట్టయింది.

ఇది ఇంగ్లీషులోనే ఉన్న వింత అనుకోకండి. మన తెలుగులో ‘వెళ్లాను’కు వ్యతిరేకం ఏమిటి? ‘వెళ్లలేదు’. ‘వెళ్లాను లేదు’ అని ఎవరైనా అంటారా? అనరు. కాలం చెప్పే పని ‘లేదు’ తీసుకుంది కాబట్టి ముందున్న క్రియ ‘వెళ్ల’ అని బోడిగా మిగిలింది. ‘డిడ్ నాట్ గో’ సరిగ్గా ఇదే పద్ధతి. తెలుగు ఈ పని కాదన్నప్పుడు చేస్తుంది, ఇంగ్లీషు కాదన్నప్పుడూ అడిగినప్పుడూ కూడా చేస్తుంది. మీ అమ్మాయితో ‘వెళ్లాను లేదు’ అని ఒకసారి పైకి అనిపించండి. చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, ఇంగ్లీషు వారికి ‘డిడ్ యు వెంట్’ అంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఈ పోలిక గతం వరకే పనికి వస్తుందని కూడా చెప్పాలి. వర్తమానంలో తెలుగు ‘వెళ్లడు’, ‘వెళ్లదు’ అంటూ ఎవరు చేస్తారన్నది క్రియలోనే చెబుతుంది. కాబట్టి డజ్ దగ్గర ‘లేదు’ సాయపడదు, దానికి వేరే దారి ఉంది. భోజనం అయ్యాక రాస్తాను.

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

మాష్టారూ, ‘వెళ్లాను లేదు’ అన్న మాట చెప్పగానే ఇద్దరూ నవ్వేశారు. పెద్దమ్మాయి వెంటనే ‘అయితే ఐ డిడ్ నాట్ వెంట్ కూడా తప్పేనా’ అని అడిగింది. అది కూడా అంటోందట, నేను గమనించలేదు.

మరి వీళ్లే మొదట్లో ‘వాట్ యు వాంట్’ అని డు లేకుండా అడిగేవారు కదా? అప్పుడు కూడా ‘డు యు వాంట్ బిల్?’ అని మాత్రం సరిగ్గానే అడిగేవారు. ఒకచోట డు వచ్చి ఇంకొకచోట ఎందుకు రాలేదు?

మూడులాంతర్ల_మాష్టారు

బాగా గమనించారు. అదీ ‘ఆ’ మూలంగానే.

‘బిల్లు కావాలా?’ అన్నప్పుడు తెలుగులో ‘ఆ’ ఉంది. ‘ఏమి కావాలి?’ అన్నప్పుడు లేదు, ఉండకూడదు. ‘ఏమి కావాలా’ అని మనం అడగం. ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు వంటి మాట వాక్యంలో ఉంటే చాలు, అది ప్రశ్న అయిపోతుంది. డును ‘ఆ’ అనుకున్న మనిషి ‘ఆ’ ఉన్నచోట డు పెడుతుంది, లేనిచోట మానేస్తుంది. అందుకే ‘డు యు వాంట్ బిల్’ సరిగ్గా వచ్చింది, ‘వాట్ యు వాంట్’లో డు రాలేదు. చూడటానికి రెండు వేర్వేరు తప్పులు, వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. అందుకే వాటిని విడివిడిగా దిద్దితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది.

ఇక దారి చెబుతాను. ప్రశ్నతో మొదలుపెట్టకండి. జవాబుతో మొదలుపెట్టండి.

మొదట కొనేవారు చెప్పబోయే సంగతిని వాక్యంగా అనాలి: ‘యు వాంట్ కాటన్.’ తర్వాత, ఎవరో ‘కాదు, వారికి అక్కర్లేదు’ అని వాదిస్తున్నట్టు ఊహించుకుని నొక్కి చెప్పాలి: ‘యు డు వాంట్ కాటన్.’ ఇది పాఠం కోసం అల్లిన వాక్యం కాదు, ఇంగ్లీషు వారు వాదించేటప్పుడు నిజంగా అనే మాట. లోపల దాగి ఉన్న డు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. ఆ పైన దాన్ని మనిషి ముందుకు తేవాలి: ‘డు యు వాంట్ కాటన్?’ కాటన్ అన్నదే తెలియకపోతే దాని చోట వాట్ పెట్టి అన్నిటికంటే ముందుకు తేవాలి: ‘వాట్ డు యు వాంట్?’

గతానికీ అంతే. ‘యు వెంట్ టు అరసవల్లి.’ నొక్కి చెబితే ‘యు డిడ్ గో టు అరసవల్లి.’ వెంట్ విడిపోయి డిడ్, గో అయింది చూడండి. అడిగితే ‘డిడ్ యు గో టు అరసవల్లి?’ ఎక్కడికి వెళ్లారో తెలియకపోతే ‘వేర్ డిడ్ యు గో?’

డజ్ కూడా ఇలాగే. ‘మేడమ్ లైక్స్ దిస్ బార్డర్.’ నొక్కి చెబితే ‘మేడమ్ డజ్ లైక్ దిస్ బార్డర్.’ లైక్స్ చివర ఉన్న ఆ ‘స్’ లేచి వెళ్లి డజ్‌లో చేరింది. డజ్ చివర వినిపించే ‘జ్’ అదే. అది అక్కడికి వెళ్లాక లైక్ దగ్గర మళ్లీ ‘స్’ ఉండదు. ‘డజ్ మేడమ్ లైక్ దిస్ బార్డర్?’

వాక్యం సరిగ్గా వచ్చిందో లేదో మాట్లాడుతూనే తెలుసుకోవాలంటే, కాలం గుర్తు ఎన్నిచోట్ల ఉందో చూడమనండి. ఒక్కచోటే ఉండాలి, అది మనిషికి ముందు ఉండాలి. ‘డిడ్ యు వెంట్’లో రెండుచోట్ల ఉంది. ‘వాట్ యు వాంట్’లో ఒక్కటే ఉంది గానీ అది వాంట్ లోపలే దాక్కుని ఉండిపోయింది, ముందుకు రాలేదు.

ఈ మెట్లన్నీ వారం పాటు పైకి అనిపించండి. నొక్కి చెప్పే మెట్టును మాత్రం ఎగరగొట్టవద్దు. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా ప్రశ్నకు వెళ్తారు, అక్కడే వెంట్ మళ్లీ దూరుతుంది.

రాజాం_స్పోకెన్

మాష్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంత చుట్టు తిప్పడం అవసరమా? డిడ్ తర్వాత వి వన్ అంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. మీరు చెప్పింది చివరికి అదే కదా.

మూడులాంతర్ల_మాష్టారు

చివరికి చేరేది ఒకచోటికే, కాదనను. మీ సూత్రం రాసేటప్పుడు బాగా పనిచేస్తుంది, రాసినదాన్ని వెనక్కి చూసుకునే తీరిక ఉంటుంది కాబట్టి. మాట్లాడేటప్పుడు ఆ తీరిక లేదు. డిడ్ అన్నాక ‘ఇప్పుడు వి వన్’ అని గుర్తు తెచ్చుకునేలోపే నోట్లోంచి వెంట్ వచ్చేస్తుంది. డిడ్ అన్నదే గతం అని నమ్మిన మనిషికి వెంట్ అనవలసిన అవసరం తోచదు. నేను కోరేది ఆ నమ్మకం.

మీరు దిద్దిన మూడో వాక్యం సంగతి కూడా ఉంది. దాని గురించి విడిగా రాస్తాను, అక్కడ మీ సూత్రం సరిపోదు.

బొబ్బిలి_అమ్మ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయి ఏడో తరగతి. వాడి నోటు పుస్తకంలో ‘టెల్ మి వాట్ యు వాంట్’ అని ఉంది, టీచరు టిక్కు పెట్టారు. పైన మీరంతా ‘వాట్ యు వాంట్’ తప్పు అంటున్నారు. ఇంకొక వాక్యంలో వాడు ‘డు యు నో వాట్ డజ్ హి వాంట్’ అని డజ్ పెడితే ఆమె కొట్టేశారు. నాకు పూర్తిగా తలకిందులుగా ఉంది. టీచరును అడగమంటారా?

మూడులాంతర్ల_మాష్టారు

అమ్మా, టీచరు దిద్దింది సరైనదే. ‘ఏమి కావాలి?’ అని మీరు ఎదుటివారిని నేరుగా అడిగితే ‘వాట్ డు యు వాంట్?’ అదే మాట పెద్ద వాక్యంలో ఒక ముక్క అయిపోతే డు ముందుకు రాదు. ‘నీకు ఏమి కావాలో చెప్పు’ అన్నది ప్రశ్న కాదు, చెప్పమని అడగడం. తెలుగు కూడా ఇక్కడ రూపం మారుస్తుంది చూడండి, ‘కావాలి’ కాస్తా ‘కావాలో’ అయింది. ఆ ‘ఓ’ వినిపించిన చోట లోపలి ముక్కలో డు, డజ్, డిడ్ పెట్టకూడదు. ‘అతనికి ఏమి కావాలో తెలుసా?’ అంటే ‘డు యు నో వాట్ హి వాంట్స్?’ మొదట ఉన్న డు ‘తెలుసా’కు చెందినది. ‘కావాలో’కు డజ్ అక్కర్లేదు, అందుకే వాంట్స్ చివర ‘స్’ తన చోటే ఉంది.

‘వాట్ యు వాంట్’ అనే మూడు మాటలు ఇంగ్లీషులో ఇలా వాక్యాల మధ్య తరచుగా వినిపిస్తాయి. పిల్లలు ఆ ముక్కను విని, విడదీసి ప్రశ్నగా వాడతారు. తప్పు అలవాటు కావడానికి ఇదీ ఒక కారణమే.

బొబ్బిలి_అమ్మ

‘కావాలో’ అంటే డు వద్దు. ఇది వాడికి అర్థమవుతుంది. ధన్యవాదాలండి.

ఉద్దానం_నావికుడు

కవిటి దగ్గర మా ఊరు. సరుకు ఓడల మీద పనిచేస్తాను. రకరకాల దేశాల వారితో రోజంతా ఇంగ్లీషే. మీరు చెప్పే నియమాలు పుస్తకాలకు బాగుంటాయి. ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న అధికారులు కూడా డు లేకుండా అడుగుతారు. ‘యు వాంట్ టీ?’, ‘యు ఫినిష్డ్?’ అంటారు. ‘వాట్ యు వాంట్’ అని కూడా చాలాసార్లు విన్నాను. అర్థమైతే చాలదా? అమ్మాయిలను అంత కష్టపెట్టడం ఎందుకు?

మూడులాంతర్ల_మాష్టారు

మీరు విన్నదాంట్లో మొదటి సగం నిజం. ‘యు వాంట్ టీ?’ అని చివర గొంతు పెంచి అడగడం మాటల్లో సహజమే. జవాబు ఇంచుమించు తెలిసి ఉండి, నిర్ధారణ కోసం అడిగేటప్పుడు అలా అంటారు. కొట్టులో అమ్మాయి ‘యు వాంట్ టూ మీటర్స్?’ అంటే నేను దిద్దను.

ఏమి, ఎక్కడ వంటి మాటతో మొదలైన ప్రశ్నకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మీరు విన్న ‘వాట్ యు వాంట్’లో డు ఉండే ఉంటుంది, వినిపించి ఉండదు. వేగంగా అనేటప్పుడు వారు ‘వాట్ డు యు’ అనే మూడు మాటలను కలిపి ‘వాడ్యు’, ‘వాడయ’ లాగా పలుకుతారు. ‘డిడ్ యు’ను ‘డిజు’ అంటారు. డు మీద ఊనిక ఉండదు, అచ్చు నలిగిపోతుంది. మన చెవి ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా వినడానికి అలవాటు పడింది కాబట్టి ఆ చిన్న ‘డ్’ జారిపోతుంది. ఈసారి ఓడ ఎక్కినప్పుడు వాట్‌కూ యుకూ మధ్య ఏముందో ప్రత్యేకంగా వినండి.

ఉద్దానం_నావికుడు

‘వాడ్యు’ అనడం విన్నాను, అది ఒకే మాట అనుకునేవాడిని. అయినా ఓడలో ఫిలిప్పీన్స్ వారు, చైనా వారు కూడా ఉంటారు. వారిలో కొందరు డు లేకుండానే అడుగుతారు, మాకు పని జరిగిపోతుంది. ఆ విషయంలో నా మాట మార్చుకోను.

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

ఓడలో పని జరిగితే చాలేమో గానీ మా దగ్గర ఇంకొక ఇబ్బంది ఉంది. ఒక కొనుగోలుదారుకు ‘వెన్ యు కమ్ టు పొందూరు?’ అన్న ప్రశ్నే అర్థం కాలేదు. వారు ఇంతకుముందు ఎప్పుడు వచ్చారని అమ్మాయి అడిగింది. వారేమో మామూలుగా ఎప్పుడు వస్తుంటారని అడిగినట్టు తీసుకుని, ఏటా చలికాలంలో అని చెప్పారు. ‘వెన్ డిడ్ యు కమ్’ అని ఉంటే ఆ గందరగోళం ఉండేది కాదు.

మూడులాంతర్ల_మాష్టారు

డిడ్ ఉంటే జరిగిపోయినది, డు ఉంటే అలవాటు. రెండూ లేకపోతే వినేవారు ఊహించుకోవాలి. నావికుడు గారు అడిగిన ‘అర్థమైతే చాలదా’కు మీ అనుభవమే జవాబు.

ఇప్పుడు ‘హూ డిడ్ టోల్డ్ యు’ సంగతి. రాజాం వారు ‘హూ డిడ్ టెల్ యు’ అన్నారు. ‘మా కొట్టు గురించి మీకు ఎవరు చెప్పారు?’ అని మామూలుగా అడగాలంటే సరైనది ‘హూ టోల్డ్ యు అబౌట్ అవర్ షాప్?’ డిడ్ లేదు, టోల్డ్ తన రూపంలోనే ఉంది.

కారణం సులువు. డిడ్ ముందుకు రావాలంటే ఎవరి ముందుకు రావాలి? పని చేసిన మనిషి ముందుకు. ఇక్కడ ఆ మనిషి ఎవరో మనకు తెలియదు, అడుగుతున్నదే ఆ మనిషి గురించి. హూ అన్న మాటే ఆ స్థానంలో కూర్చుంది, మొదటి నుంచీ వాక్యం ముందే ఉంది. కాబట్టి ఏదీ కదలాల్సిన పని లేదు.

తెలుగులో పరీక్షించి చూడండి. ‘ఎవరు చెప్పారు?’ అంటే ‘హూ టోల్డ్ యు?’ ‘ఎవరికి చెప్పారు?’ అంటే ‘హూ డిడ్ యు టెల్?’ ఎవరు అని ఉంటే డిడ్ వద్దు. ఎవరికి, ఎవరిని అని ఉంటే డిడ్ కావాలి.

రాజాం_స్పోకెన్

‘హూ డిడ్ టెల్ యు’ తప్పు అంటే ఒప్పుకోలేను. ఇంగ్లీషు వారి సంభాషణల్లో నేనే విన్నాను. అలాగే మీ ఎవరు, ఎవరికి పరీక్ష ‘ఏమి’ దగ్గర పనిచేయదు. ‘ఏమి జరిగింది?’, ‘ఏమి కొన్నారు?’ రెండింటిలోనూ ‘ఏమి’ ఒక్కటే. మొదటిది ‘వాట్ హాపెన్డ్’, రెండోది ‘వాట్ డిడ్ యు బై’. ఇప్పుడేమంటారు?

మూడులాంతర్ల_మాష్టారు

రెండూ మంచి ఆక్షేపణలు.

మొదటిది: మీరు విన్నది నిజమే అయి ఉంటుంది. ‘మీ అన్న చెప్పాడా?’ ‘లేదు.’ ‘వదిన చెప్పిందా?’ ‘లేదు.’ ‘మరి చెప్పింది ఎవరు?’ ఈ చివరి చోట డిడ్ మీద ఊనిక వేసి ‘హూ డిడ్ టెల్ యు’ అంటారు. ఇది ఇందాక చెప్పిన నొక్కి పలికే డిడ్. అదే మాట కొట్టులోకి అప్పుడే అడుగుపెట్టిన వారితో అంటే నిలదీసినట్టు ఉంటుంది. అందుకే అమ్మాయిలకు అది నేర్పవద్దంటున్నాను.

రెండోది: అవును, ‘ఏమి’ దగ్గర ఆ పరీక్ష విఫలమవుతుంది. ప్రాణం లేని వస్తువులకు తెలుగు తరచుగా ‘ని’ వదిలేస్తుంది కాబట్టి. అక్కడ వేరేగా చూడాలి. వాక్యంలో ఆ పని చేసినవారు విడిగా ఉన్నారా? ‘ఏమి కొన్నారు’లో కొన్నది మీరు, కాబట్టి డిడ్ మీ ముందుకు వస్తుంది. ‘ఏమి జరిగింది’లో వేరే ఎవరూ లేరు, జరిగింది ఆ ‘ఏమి’యే. కాబట్టి డిడ్ రాదు.

రాజాం_స్పోకెన్

సరేనండి, ‘వాట్ హాపెన్డ్’ను మా గోడ సూత్రానికి చేరుస్తాను. ‘ప్రతి ప్రశ్నలోనూ’ అన్న మాట తీసేయాలి.

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

వారం గడిచింది. జరిగింది రాస్తున్నాను.

పొద్దున కొట్టు తెరిచాక మాష్టారు చెప్పిన మెట్లు ఇద్దరి చేతా అనిపించాను. పెద్దమ్మాయికి వెంట్ దాదాపు పోయింది. నోటికి వచ్చినా మధ్యలో ఆగి తనే దిద్దుకుంటోంది. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఒక జంట ‘హౌ డు దే క్లీన్ ద కాటన్?’ అని అడిగితే ‘దే క్లీన్ ఇట్ విత్ ఎ ఫిష్ జా’ అని వాలుగ చేప దవడ సంగతి చెప్పింది. వారు అడిగిన ప్రశ్నలో ఉన్న డును వదిలేసి క్లీన్‌ను మాత్రం తీసుకుని జవాబు కట్టింది. వచ్చే ప్రశ్నల్లో డు వినిపించడం మొదలైందని తనే చెప్పింది.

చిన్నమ్మాయికి మాత్రం కొత్త తప్పు పట్టుకుంది. ‘ఆర్ యు కమ్ ఫ్రమ్ ఒడిశా?’ అంటోంది. ఇంకొకటి, ‘డిడ్ యు హాడ్ టిఫిన్?’ అని ఇద్దరూ అంటున్నారు. వెంట్ పోయినా హాడ్ పోవడం లేదు.

మూడులాంతర్ల_మాష్టారు

‘ఆర్ యు కమ్’లో రెండు సరైన వాక్యాలు కలిసిపోయాయి: ‘ఆర్ యు ఫ్రమ్ ఒడిశా?’, ‘డు యు కమ్ ఫ్రమ్ ఒడిశా?’ జవాబు వాక్యం అనిపించండి. ‘యు ఆర్ ఫ్రమ్ ఒడిశా’ అంటే ఆర్ ముందుకు వస్తుంది, డుతో పని లేదు. ‘యు కమ్ ఫ్రమ్ ఒడిశా’ అంటే లోపలి డు రావాలి. ‘యు ఆర్ కమ్’ అని జవాబే ఉండదు కాబట్టి ప్రశ్నా ఉండదు. ఎందుకిలా అంటే, నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో ఏ క్రియనైనా ఆర్ లాగే మనిషి ముందుకు తెచ్చి ‘కేమ్ యు?’ అని అడగగలిగేవారు. క్రమంగా డిడ్ ఆ పని తీసుకుంది. ఈజ్, ఆర్, వాజ్ వంటివి పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.

హాడ్ మొండిది. హావ్, హాజ్, హాడ్ మూడూ వేరేచోట సహాయక క్రియలుగా కూడా పనిచేస్తాయి కాబట్టి అది మామూలు క్రియ అని మనసు ఒప్పుకోదు. ‘యు హాడ్ టిఫిన్’ను ‘యు డిడ్ హావ్ టిఫిన్’గా నొక్కి చెప్పించండి. ‘డజ్ హి హాజ్’ కూడా త్వరలో వినిపిస్తుంది, దానికీ ఇదే మందు: ‘డజ్ హి హావ్’.

పలాస_జీడిబద్ద

నా మాట మళ్లీ ఎత్తుతున్నాను, ఏమనుకోకండి. ‘వాట్ డు యు వాంట్?’ వ్యాకరణం కుదిరింది, బాగానే ఉంది. అయినా అది కొట్టులో అనే మాట కాదు.

మూడులాంతర్ల_మాష్టారు

అందులో మీతో ఏకీభవిస్తున్నాను. ఆ వాక్యం సరైనదే గానీ గుమ్మంలో నిలబడ్డ వారితో అంటే కటువుగా ఉంటుంది. ‘వాట్ వుడ్ యు లైక్ టు సీ?’ మేలు. అక్కడ వుడ్ ముందుకు వస్తుంది, డు అక్కర్లేదు. ‘వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్?’ కూడా మంచిదే. ‘హౌ మెనీ మీటర్స్ డు యు నీడ్?’, ‘విచ్ కలర్ డు యు లైక్?’ వంటివి నిరభ్యంతరంగా అడగవచ్చు.

ఉద్దానం_నావికుడు

ఒక సందేహం. విదేశీ రేవుల్లో దుకాణాల వారు మాతో ‘డిడ్ యు వాంట్ ఎ బ్యాగ్?’ అంటారు. సంచి అప్పుడే కావాలి, నిన్న కాదు. గతం కానప్పుడు డిడ్ ఎందుకు? మాష్టారు డిడ్ అంటే గతమే అన్నారు కదా.

మూడులాంతర్ల_మాష్టారు

మర్యాద కోసం మాటను ఒక అడుగు వెనక్కి జరపడం అది. తెలుగులో ‘అడుగుదామని వచ్చాను’ అంటాం, అప్పుడే అడుగుతూ కూడా. రూపంలో అది గతమే, ఉద్దేశం వేరు.

రాజాం_స్పోకెన్

దాన్ని నేను నేర్పను. పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

మూడులాంతర్ల_మాష్టారు

పరీక్షకు వద్దు. కొట్టులో వినిపిస్తే అర్థం చేసుకుంటే చాలు. అమ్మాయిలు దాన్ని వాడాలా వద్దా అన్నది ఖాదీకొట్టు వారు చూసుకోవాలి.

ఖాదీకొట్టు_శ్రీకాకుళం

ప్రస్తుతానికి ‘డు యు వాంట్ ఎ బ్యాగ్?’ అనే అనిపిస్తున్నాను. ఇప్పుడు డిడ్ మర్యాదకు కూడా వస్తుందంటే చిన్నమ్మాయి ప్రతిదానికీ డిడ్ పెట్టేస్తుంది. హాడ్ పోయాక ఆలోచిస్తాను.